దుబాయి మాటలు ఎక్కడ దాగుంటాయి?

యూఏఈలో వాట్సాప్ కాల్ కలవదు. ఇంటర్నెట్ కాల్స్‌కు అక్కడ ప్రభుత్వ అనుమతి ఉన్న యాప్‌లే వాడాలి. కానీ అదే వాట్సాప్‌లో రికార్డు చేసి పంపిన మాట మాత్రం ఇబ్బంది లేకుండా వెళ్తుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయి పోయినవాళ్లకు వాయిస్ మెసేజ్ ఇంతగా అలవాటు కావడానికి అదొక కారణం. రెండోది సమయం. దుబాయి గడియారం మనకన్నా గంటన్నర వెనక. డ్యూటీ దిగి, వండుకుని తిని, రాత్రి పదింటికి బంక్ మంచం ఎక్కేసరికి ఇక్కడ పదకొండున్నర. ఇంట్లో అందరూ నిద్రలో ఉంటారు. అప్పుడు ఫోన్ చేసి లేపడం కన్నా మాట పంపి పడుకోవడమే నయం.

అలాంటి ఇల్లు ఒకటి ఊహించుకుందాం. భర్త షార్జాలో మేస్త్రీ పని చేస్తాడు. రాత్రి పంపిన మాటను భార్య పొద్దున్నే వింటుంది. "ఇరవై వేలు ఏసిన. పన్నెండు చిట్టీకి కట్టు, అయిదు పటేలుకియ్యి, మిగిలింది ఇంట్ల ఉంచు. అవ్వ గోలీలు మర్వకు." ఆ ఇంటికి జమాఖర్చుల పుస్తకం ఇదే. ఆ నెల ఎవరికెంత ఇచ్చారని రేపు పేచీ వస్తే ఆమె వెతికేది ఈ మాటనే. అదే ఫోన్లో అత్తకు కావలసింది వేరు. "అవ్వా, బువ్వ తిన్నవా?" అన్న నాలుగు సెకన్ల ముక్కను ఆమె మనవరాలితో మళ్లీ మళ్లీ పెట్టించుకుంటుంది.

వాయిస్ మెసేజ్‌లు రాకముందు ఈ పని క్యాసెట్లు చేసేవి. గల్ఫ్ నుంచి ఊరికి వచ్చే మనిషి చేతికి టేపు ఇచ్చి పంపేవాళ్లు. వాటిలో కొన్నింటిపై తర్వాత సినిమా పాటలు ఎక్కాయి. ఇప్పుడు ఆ ముప్పు వేరే రూపంలో ఉంది.

ఆండ్రాయిడ్ ఫోన్లో వచ్చిన ప్రతి వాయిస్ మెసేజ్ WhatsApp Voice Notes అనే ఫోల్డర్‌లో చేరుతుంది. లోపల వారానికొక చిన్న ఫోల్డర్. 2024 ఆగస్టు 7న వచ్చిన మాటకు PTT-20240807-WA0005.opus లాంటి పేరు ఉంటుంది. పేరులో తేదీ ఉంది, మాట్లాడింది ఎవరో లేదు. భర్త మాటా, తమ్ముడి మాటా, చిట్టీ ఆమె మాటా అక్కడ కలిసిపోయి ఉంటాయి. ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసి దాచుకున్నా, తర్వాత ఒక్కొక్కటి వింటేగానీ ఏది ఎవరిదో తేలదు.

పోయేది ఎక్కువగా మూడు సందర్భాల్లో. ఫోన్ నిండిందని Clear chat నొక్కినప్పుడు. రిపేరు షాపులో ఫోన్‌ను రీసెట్ చేసినప్పుడు. కొత్త ఫోన్ కొన్నప్పుడు. నిజానికి నిమిషం మాట మామూలుగా రెండు వందల కేబీ దాటదు. రోజుకొక నిమిషం చొప్పున ఏడాదంతా దాచినా 75 ఎంబీ లోపే. ఫోన్‌ను నింపేది పెళ్లి వీడియోలు, గుడ్ మార్నింగ్ బొమ్మలు. జాగా కావాలంటే ముందు వాటిని తీసేయాలి.

గూగుల్ బ్యాకప్ ఉంది కదా అని ధీమా పడేవాళ్లకు మరో చిక్కు. బ్యాకప్ తిరిగి రావాలంటే అదే ఫోన్ నంబరు, అదే జీమెయిల్ ఉండాలి. చాలా ఇళ్లలో జీమెయిల్ పెట్టింది ఫోన్ అమ్మిన షాపతను. దాని పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ తెలియదు.

దాచే దారి సులువే. అతని చాట్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, More లో Export chat, తర్వాత Include media ఎంచుకోవాలి. మాటలతో పాటు ఒక టెక్స్ట్ ఫైల్ కూడా వస్తుంది. అందులో ప్రతి ఆడియో పేరు పక్కన పంపినవారి పేరు, తేదీ, సమయం ఉంటాయి. ఏ మాట ఎవరిదన్న చిక్కు దీంతో విడిపోతుంది. చాట్ మరీ పెద్దదైతే కొత్త సందేశాలే వస్తాయి, పాతవి మిగిలిపోతాయి. అందుకే ఏళ్ల తరబడి ఆగకూడదు.

జీతం ఆపిన కంపెనీ మీదో, మోసం చేసిన ఏజెంటు మీదో ఫిర్యాదు ఉంటే ఇంకో జాగ్రత్త అవసరం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి డిజిటల్ రికార్డును కోర్టులో పెట్టాలంటే దాంతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. ఒక ఫోన్లో మాట పెట్టి, పక్క ఫోన్లో రికార్డు చేసుకుంటే అది వేరే ఫైల్ అవుతుంది. అసలు మాట వచ్చిన చాట్‌ను, ఆ ఫోన్‌ను అలాగే ఉంచాలి.

మీ ఇంట్లోనూ ఎవరైనా దూరదేశంలో ఉంటే, ఫోన్ రిపేరుకు ఇచ్చే ముందే ఆ చాట్‌ను ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేసి, ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. జీమెయిల్ పాస్‌వర్డ్‌ను బ్యాంకు పాస్‌బుక్‌తో పాటు భద్రంగా రాసి పెట్టుకోండి.