చోక్‌లో దాగిన కాగితం ముక్క

పాత ట్యూబ్‌లైట్ చోక్‌ను విప్పి చూస్తే లోపల రాగితీగ చుట్ట, దాని చుట్టూ పల్చటి సిలికాన్ స్టీలు రేకుల దొంతర కనిపిస్తాయి. చాలా చోక్‌లలో ఈ రేకులు రెండు రకాలు. ఇంగ్లిషు ‘ఈ’ అక్షరంలా మూడు కాళ్లున్నవి ఒకవైపు, ‘ఐ’ అక్షరంలాంటి పట్టీలు ఇంకోవైపు. రెండింటి మధ్య ఒక కాగితం ముక్క ఉంటుంది. ఇనుముతో ఇనుము కలవకుండా కావాలనే పెట్టిన అడ్డు అది. చోక్ చేసే పని దాదాపు అంతా ఆ కాగితం మందంలోనే ఉంది. ఓం నియమం వచ్చినవారెవరైనా దీన్ని లెక్కకట్టి చూడవచ్చు.

తీగలో కరెంటు పారినట్టే ఇనుములో అయస్కాంత అభివాహం చుట్టి వస్తుందనుకుందాం. కరెంటును నెట్టేది వోల్టేజీ. అభివాహాన్ని నెట్టేది చుట్ల సంఖ్యను కరెంటుతో హెచ్చిస్తే వచ్చే ‘ఆంపియర్-చుట్లు’. తీగకు నిరోధం ఉన్నట్టే అయస్కాంత దారికీ ఒక నిరోధం ఉంది, దాని పేరు రిలక్టెన్స్. దారి పొడవైతే పెరుగుతుంది, అడ్డుకోత వైశాల్యం పెరిగితే తగ్గుతుంది:

R = l / (μA)

ఇక్కడ μ అనేది ఆ పదార్థం అభివాహానికి ఎంత సులువుగా దారి ఇస్తుందో చెప్పే సంఖ్య. 1886లో హాప్కిన్సన్ సోదరులు డైనమోల రూపకల్పనకు వాడింది ఈ పద్ధతినే.

లెక్క సులువుగా ఉండే కొలతలు తీసుకుందాం. మధ్య కాలు వైశాల్యం 4 చదరపు సెంటీమీటర్లు, పక్క కాళ్లు ఒక్కొక్కటి 2. ఇనుములో దారి పొడవు 20 సెంటీమీటర్లు. ఇనుము గాలి కంటే 4000 రెట్లు మెరుగైన దారి. కాగితం మందం అర మిల్లీమీటరు. అయస్కాంతం దృష్టిలో కాగితమూ గాలీ ఒకటే.

మధ్య కాలి దగ్గర ఖాళీ రిలక్టెన్స్ సుమారు 10 లక్షలు. పక్క కాళ్ల వైశాల్యం సగమే కనుక అక్కడ ఒక్కొక్కటి 20 లక్షలు. మధ్య కాలి నుంచి వచ్చిన అభివాహం రెండుగా చీలి పక్క కాళ్లలోంచి వెళ్తుంది, అంటే ఆ రెండూ సమాంతరంగా ఉన్నాయి. రెండూ కలిసి 10 లక్షలు. మధ్య కాలితో శ్రేణిలో కలిపితే ఖాళీల మొత్తం 20 లక్షలు. మరి ఇనుము అంతా కలిపి? ఒక్క లక్ష. ఆ ఒక్క మిల్లీమీటరు ఖాళీ నాలుగు మీటర్ల ఇనుముతో సమానం!

మొత్తం 21 లక్షలు. తీగ 1600 చుట్లు ఉంటే, చుట్ల వర్గాన్ని రిలక్టెన్స్‌తో భాగిస్తే ఇండక్టెన్స్ వస్తుంది: దాదాపు 1.2 హెన్రీలు. 40 వాట్ల ట్యూబులో కరెంటును 0.43 ఆంపియర్ల దగ్గర ఆపడానికి కావలసింది దాదాపు ఇంతే.

కాగితం తీసేస్తే ఏమవుతుంది? ఇండక్టెన్స్ ఇరవై రెట్లకు పైగా పెరిగి, ట్యూబు వెలగడానికి కావలసిన కరెంటు రాదు. అంతకంటే ముఖ్యమైన నష్టం ఇంకొకటి. ఇనుము గుణం నిలకడైనది కాదు, అభివాహాన్నిబట్టి మారుతుంది. అది సగానికి పడిపోతే, కాగితం లేని చోక్ విలువా సగమవుతుంది. కాగితం ఉన్న చోక్‌లో ఇనుము వాటా లక్ష నుంచి రెండు లక్షలకు పెరుగుతుంది, మొత్తం 21 నుంచి 22 లక్షలకే మారుతుంది. మార్పు అయిదు శాతం లోపే. ఖాళీ ఎప్పటికీ మారదు కనుక చోక్ దాన్నే నమ్ముకుంటుంది.

అందుకే రిపేరు చేసేటప్పుడు కాగితం మందం తప్పకూడదు. 0.4 మిల్లీమీటర్లదైతే ఇండక్టెన్స్ 1.5 హెన్రీలకు పెరిగి వెలుతురు తగ్గుతుంది. రేకులు వదులై ఖాళీ 0.7కు పెరిగితే 0.9కు దిగజారి, కరెంటు పెరిగి చోక్ వేడెక్కుతుంది, గీమని మోత వస్తుంది. మోతా వేడీ రెండూ ఎక్కువైతే మొదట అనుమానించవలసింది ఆ ఖాళీనే.

ఈ పోలికకు హద్దులున్నాయి. తీగ చుట్టూ ఉండే ప్లాస్టిక్ కరెంటును దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అయస్కాంతానికి అలాంటి తొడుగు లేదు, గాలి ఇనుము కంటే కొన్ని వేల రెట్లే అధ్వానం. అందువల్ల ఖాళీ దగ్గర అభివాహం అంచులు దాటి బయటికి ఉబుకుతుంది, ఖాళీ వైశాల్యం పెరిగినట్టవుతుంది. దీన్ని సరిచూడటానికి ఇంజనీర్లు సాధారణంగా ప్రతి కొలతకూ ఖాళీ పొడవును కలుపుతారు. మన మధ్య కాలు 2 సెంటీమీటర్ల చదరమైతే, అర మిల్లీమీటరు ఖాళీ దగ్గర ఆ వైశాల్యం అయిదు శాతం పెరుగుతుంది. మీటరు చూపే ఇండక్టెన్స్ లెక్కకంటే కాస్త ఎక్కువే ఉంటుంది.