గ్రాఫ్ ఫొటోలో అసలు మూల ఏది?

మొన్న రాత్రి మా అక్క కూతురు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. పన్నెండో తరగతి లెక్కల వర్క్‌షీట్, లీనియర్ ప్రోగ్రామింగ్. కింద ఇలా రాసింది: “మామయ్యా, నాకు 1900 వస్తోంది. జవాబుల పేజీలో 1840 అని ఉంది. పుస్తకమే తప్పా?”

ఫొటో ఏటవాలుగా తీసింది. పేజీ కింది భాగం వెడల్పుగా, పై భాగం సన్నగా కనిపిస్తోంది. ప్రశ్నలో సగం పైన తెగిపోయింది. మిగిలింది ఒక గ్రాఫ్, అందులో లేత బూడిద రంగు పూసిన ఒక ప్రాంతం, కింద ఒక్క వాక్యం: Z = 150x + 100y గరిష్ఠ విలువ కనుక్కోండి. షరతులేమిటో రాసిన భాగం లేదు. అయినా చేయవచ్చు, ఎందుకంటే ఆ షరతులే గీతలుగా మారి గ్రాఫ్‌లో ఉన్నాయి. కాకపోతే ఫొటోలో దేన్ని నమ్మాలో, దేన్ని నమ్మకూడదో తెలియాలి.

ఏటవాలు ఫొటోలో పొడవులు చెడిపోతాయి. దగ్గరి గళ్ళు పెద్దవి, దూరపు గళ్ళు చిన్నవి. సమాంతరంగా ఉన్న గీతలు ఒకదానివైపు ఒకటి వంగినట్టు కనిపిస్తాయి. కాబట్టి ఫోన్ తెర మీద స్కేలు పెట్టి కొలిస్తే వచ్చే సంఖ్యకు అర్థం లేదు. కానీ ఒకటి మాత్రం చెడదు. కాగితం మీద ఒక గీత ఏ రెండు గడిగీతలు కలిసేచోట నుంచి పోతోందో, ఫొటోలోనూ అక్కడి నుంచే పోతుంది. కెమెరా గీతనూ గళ్ళనూ కలిపే సాగదీస్తుంది. పుస్తకం కుట్టు దగ్గర పేజీ వంగి గీత విల్లులా కనిపించినా ఇది నిజమే. అందుకే ఫొటోలో కొలవకూడదు, గళ్ళు లెక్కపెట్టాలి.

అలా లెక్కపెడితే మూడు గీతలు దొరికాయి. మొదటిది బాగా నిటారుగా దిగే గీత. అది సరిగ్గా గడిమూలల మీదుగా పోయే చోట్లు వెతికాను: (6, 10), (7, 7), (8, 4). కుడికి ఒక గడి జరిగితే కిందికి మూడు గళ్ళు. అంటే 3x + y ఎప్పుడూ ఒకే సంఖ్య: 18 + 10 = 28, 24 + 4 = 28. రెండోది వాలుగా పోయే గీత: (0, 12), (4, 10), (8, 8). కుడికి రెండు గళ్ళకు కిందికి ఒకటి. అది x + 2y = 24. మూడోది అడ్డంగా పోయేది, y = 10. గీతను పట్టుకోవడానికి రెండు బిందువులు చాలు, కానీ మూడోది కూడా చూడటం నా అలవాటు. గడి ఒకటి తప్పు లెక్కపెడితే మూడో బిందువు ఆ సమీకరణంలో ఇమడదు, అప్పుడే దొరికిపోతాం.

ఇక ప్రాంతం. రంగు ఉన్నవైపే మనకు కావలసిందని వెంటనే అనుకోకూడదు. కొన్ని పుస్తకాలు పనికిరాని వైపు రంగు వేసి, పనికొచ్చేదాన్ని తెల్లగా వదిలేస్తాయి. పైగా ఫొటో తీసేవాళ్ళ చేతి నీడ కూడా ఒక్కోసారి షేడింగులాగే కనిపిస్తుంది. ఈ ఫొటోలో కుడి అంచున అలాంటి నీడ ఉంది. అక్షరాలమీద కూడా పడింది కాబట్టి అది నీడేనని తెలిసింది. రంగు ప్రాంతం (0, 0)ను కలుపుకొని, మూడు గీతలకూ లోపలివైపే ఉంది. అంటే షరతులు 3x + y ≤ 28, x + 2y ≤ 24, y ≤ 10, పైగా x, y రుణ సంఖ్యలు కావు.

మా అమ్మాయి పొరబడింది ఇక్కడే. నిటారు గీతా అడ్డగీతా (6, 10) దగ్గర కలుస్తాయి. సరిగ్గా గడిమూల మీద ఉండే చక్కటి బిందువు, కళ్ళు ముందు దాని మీదికే పోతాయి. అక్కడ Z విలువ 900 + 1000 = 1900. కానీ x + 2y అక్కడ 26, ఉండాల్సింది 24లోపు. అంటే ఆ బిందువు వాలుగీతకు అవతల, ప్రాంతం బయట ఉంది. రెండు గీతలు కలిసినంత మాత్రాన అది శీర్షం కాదు. మిగిలిన షరతులన్నీ కూడా ఒప్పుకోవాలి. బొమ్మలో అసలు శీర్షం దానికి దాదాపు ఒక గడి దూరంలోనే ఉంది. ఫొటో చిన్నదైతే రెండూ ఒకటే అనిపిస్తాయి.

ఆ అసలు శీర్షం నిటారు గీతా వాలుగీతా కలిసేచోటు. అది గడిమూల మీద లేదు, ఒక గడి మధ్యలో పడింది. కంటికి (6.5, 9) లాగా కనిపిస్తుంది. అలా రాసుకుంటే Z = 1875. ఇది తప్పని ఎలా తెలుస్తుంది? షరతుల్లో పెట్టి చూస్తే చాలు. 3x + y అప్పుడు 28.5, x + 2y అప్పుడు 24.5. రెండూ హద్దు దాటాయి. కాబట్టి ఇక్కడ కంటిని వదిలేసి సమీకరణాలు సాధించాలి. మొదటిదాన్నుంచి y = 28 − 3x. రెండోదాంట్లో పెడితే x + 56 − 6x = 24, అంటే 5x = 32, x = 6.4, y = 8.8. ఏ రెండు గీతలు కలుస్తున్నాయో ఫొటో చెప్పింది, ఎక్కడ కలుస్తున్నాయో బీజగణితం చెప్పింది.

శీర్షాలన్నీ చుట్టివద్దాం. (0, 0) దగ్గర Z సున్నా. (0, 10) దగ్గర 1000. (4, 10) దగ్గర 1600. (6.4, 8.8) దగ్గర 960 + 880 = 1840. నిటారు గీత x అక్షాన్ని తాకే చోట x = 28/3, అక్కడ 1400. పుస్తకం తప్పు కాదు.

“సరే మామయ్యా, మూలల్లోనే ఎందుకు చూడాలి? మధ్యలో ఇంకా మంచి చోటు ఉండకూడదా?” అని అడిగింది. ఈలోపు పేజీ పై సగం కూడా ఫొటో తీసి పంపింది. సంక్రాంతికి సున్నుండలు, అరిసెలు చేసి అమ్మే ఒకావిడ లెక్క అది. కిలో సున్నుండలకు 300 గ్రాముల నెయ్యి, అరగంట పని. కిలో అరిసెలకు 100 గ్రాముల నెయ్యి, గంట పని. ఉన్న నెయ్యి 2.8 కిలోలు, ఉన్న సమయం 12 గంటలు, పిండి 10 కిలోల అరిసెలకే సరిపోతుంది. లాభం సున్నుండల మీద కిలోకు 150 రూపాయలు, అరిసెల మీద 100. నెయ్యిని వందల గ్రాముల్లో, సమయాన్ని అరగంటల్లో లెక్కిస్తే మనం గ్రాఫ్ నుంచి రాబట్టిన సమీకరణాలే వస్తాయి.

ఇప్పుడు ఆవిడతో పాటే నడుద్దాం. ప్రాంతం లోపల ఎక్కడున్నా నెయ్యీ సమయమూ కొంత మిగిలే ఉంటాయి, ఇంకాస్త చేస్తే లాభం పెరుగుతుంది. కాబట్టి లోపల ఆగడం దండగ, అంచు దాకా పోవాల్సిందే. (4, 10) దగ్గరి నుంచి వాలుగీత మీద కిందికి నడిస్తే, ప్రతి 2 కిలోల సున్నుండలకూ ఒక కిలో అరిసెలు వదులుకోవాలి. 300 వచ్చి 100 పోతుంది, నికరంగా 200 లాభం. కాబట్టి ఆ అంచు మధ్యలో ఆగే కారణమే లేదు, చివరిదాకా పోతాం. (6.4, 8.8) దగ్గర అంచు మలుపు తిరుగుతుంది. అక్కడి నుంచి నెయ్యి గీత మీద నడవాలి. ఇప్పుడు ఒక కిలో సున్నుండలకు ఏకంగా 3 కిలోల అరిసెలు పోతాయి. 150 వచ్చి 300 పోతుంది. దిగడమే తప్ప ఎక్కడం లేదు. మలుపు దగ్గరే ఆగాలి. ప్రతి షరతూ ఒక సరళరేఖకు ఒకవైపు భాగాన్నే ఉంచుతుంది, అవన్నీ కలిసేచోటే ఈ ప్రాంతం కాబట్టి దీనికి ఎక్కడా లోపలికి నొక్కులు ఉండవు. రెండువైపులా దిగుడే అయిన మూల దొరికిందంటే, దానికంటే ఎత్తైనది ఇంకెక్కడో దాగి ఉండదు.

ఇదే విషయాన్ని తరగతిలో స్కేలు జరిపి చూపిస్తారు. లాభం 600 అయ్యే బిందువులన్నీ ఒక గీత, 1200 అయ్యేవి దానికి సమాంతరంగా ఇంకో గీత. స్కేలును అలాగే సమాంతరంగా జరుపుతూ పోతే ప్రాంతాన్ని చివరగా తాకే మూలే జవాబు. గ్రాఫ్ కాగితం మీద ఇది అందమైన పద్ధతి. ఏటవాలు ఫొటో మీద మాత్రం చేయకూడదు. అక్కడ సమాంతర గీతలు సమాంతరంగా లేవు కదా, స్కేలు వేరే మూల దగ్గర ఆగవచ్చు.

ఆ మలుపు లెక్కలో ఇంకో సంగతి ఉంది. సున్నుండల మీద లాభం 150 నుంచి 50కి పడిపోయిందనుకోండి. వాలుగీత మీద 2 కిలోలకు 100 వచ్చి 100 పోతుంది. అప్పుడు (4, 10) నుంచి (6.4, 8.8) దాకా ఆ అంచు మీద ప్రతి బిందువులోనూ 1200 రూపాయలే. రెండు శీర్షాలకు ఒకే గరిష్ఠ విలువ వచ్చిందంటే లెక్క తప్పిందని కంగారుపడక్కర్లేదు, వాటి మధ్య అంచు అంతా జవాబే. అదే లాభం 300 దాటితే నెయ్యి గీత మీద కూడా ఎక్కుడే అవుతుంది, అప్పుడు అరిసెలు మానేయడమే మేలు. 50కీ 300కీ మధ్య ఎంతున్నా జవాబు ఈ మూల దగ్గరే, Z విలువ ఒక్కటే మారుతుంది.

ఫొటో అంచు విషయంలో కూడా జాగ్రత్త కావాలి. రంగు ప్రాంతం ఫొటో చివరిదాకా పోయి ఆగితే, అది నిజంగా అక్కడ ముగిసిందో, కెమెరా కత్తిరించిందో తెలియదు. హద్దు గీత కనబడకుండా ఆగిన ప్రాంతానికి గరిష్ఠ విలువ అసలు లేకపోవచ్చు. మా ఫొటోలో అన్నివైపులా గీతలో అక్షాలో మూసేశాయి కాబట్టి ఆ బెంగ లేకపోయింది.

అంచుల వెంట మూలనుంచి మూలకు నడిచే ఈ పద్ధతికి 1947లో అమెరికాలో జార్జ్ డాంట్‌జిగ్ పూర్తి రూపమిచ్చారు. దాని పేరు సింప్లెక్స్. తొలి పెద్ద పరీక్షల్లో ఒకటి తిండి లెక్క: 77 పదార్థాల్లోంచి 9 పోషకాల అవసరం తీరేలా అతి చవకైన ఆహారం ఏది? 1945లో జార్జ్ స్టిగ్లర్ నేర్పుగా అంచనా వేసి, 1939 ధరల్లో ఏడాదికి 39.93 డాలర్లని చెప్పారు. సింప్లెక్స్‌తో, బల్లమీది లెక్కల యంత్రాలపై చేయిస్తే 120 పనిదినాలు పట్టి 39.69 డాలర్లని తేలింది. 77 చలరాశులకు గ్రాఫ్ గీయలేం. కానీ అక్కడ కూడా చేసింది సున్నుండలావిడ నడకే, మలుపులు ఎక్కువ, అంతే.

చివరికి మా అమ్మాయి మరో ప్రశ్న వేసింది. “6.4 కిలోలేంటి మామయ్యా, కిలో డబ్బాల్లోనే అమ్మితే?” అప్పుడు శీర్షం జవాబు కాదు. ప్రాంతం లోపలి గడిమూలల్లో వెతకాలి. (7, 7) హద్దు మీదే ఉంది, అక్కడ 1750. (7, 8)కి నెయ్యి చాలదు. (6, 10)కి సమయం చాలదు. (6, 9) సరిపోతుంది: నెయ్యి 2.7 కిలోలు, సమయం 12 గంటలు, లాభం 1800. దశాంశాలను దగ్గరి పూర్ణాంకాలకు మార్చినా ఇక్కడ ఇదే వచ్చేది, కానీ అన్ని లెక్కల్లోనూ అలా కుదరదు. అందుకే చుట్టుపక్కల బిందువులు కూడా తనతోనే చూడమన్నాను. పావుగంట తర్వాత ఆరు బిందువుల పట్టిక రాసి మళ్ళీ ఫొటో పంపింది, ఈసారి పేజీకి సరిగ్గా పైనుంచి తీసి.