కాశీకి పెద్దల బృందం: లాడ్జిని ఏమేం అడగాలి?

‘ఇరవై నలుగురం వస్తున్నాం, మూడు రాత్రులకు డార్మిటరీ దొరుకుతుందా?’ కాశీలోని చవక లాడ్జీకి చాలా బృందాలు పంపే కబురు ఇంతే. ‘ఉంది, రండి’ అని జవాబు వస్తుంది. వెళ్లాక చూస్తే అవి ఒకదానిపై ఒకటి ఉన్న మంచాలు. మోకాళ్ల నొప్పులున్న డెబ్బై ఏళ్ల మామ్మగారు నిచ్చెన ఎక్కాలి! అందుకే కింది మంచాలు ఎన్ని, హాలు ఏ అంతస్తులో, లిఫ్టు ఉందా, ఆడవాళ్లకు వేరే హాలు ఇస్తారా అన్నవి ముందే అడగాలి.

తరవాత చూసుకోవాల్సింది స్నానాల గదులు. విశ్వనాథుని ఆలయంలో మంగళ హారతి తెల్లవారుజామున 3 గంటలకు మొదలవుతుంది. అది అయ్యాక, 4 గంటల ప్రాంతంలో సాధారణ దర్శనానికి వదులుతారు. ముందు వరుసలో ఉండాలంటే బృందం మూడుంపావుకల్లా బయల్దేరాలి. మనిషికి పది నిమిషాల చొప్పున ఇరవై నలుగురికి మూడు స్నానాల గదులే ఉంటే 80 నిమిషాలు పడుతుంది. అంటే మొదటివాళ్లు రెండింటికి ముందే లేవాలి. ఆరు గదులుంటే రెండున్నరకు లేచినా సరిపోతుంది. ఆ వేళకు వేడినీళ్లు వస్తాయా, గేటు ఎవరు తీస్తారు, గుడికి ఎంత నడవాలి? సన్నటి సందుల్లోకి బండ్లు రావు కనుక నడక సంగతి మరీ ముఖ్యం.

ఆలయంలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. లాడ్జీలో లాకరు ఉంటే అక్కడే పెట్టి, ప్రతి ఒక్కరి జేబులోనూ కొంగుముడిలోనూ లాడ్జీ చిరునామా, నంబరు రాసిన చీటీ ఉంచితే తప్పిపోయినవారు తిరిగి చేరుకోగలరు.

భోజనం మాటకొస్తే అన్నం, పప్పు, ఒక కూర, చారు, మజ్జిగ చాలు. ఉల్లి, వెల్లుల్లి వద్దంటే వంటవాడికి ముందే చెప్పాలి. కారం తక్కువ ఎందరికి, ఏకాదశినాడు ఫలహారం ఎందరికి అనే లెక్క కూడా ఇవ్వాలి. గతంలో కాశీకి వచ్చి ఏదో ఒక కూరగాయ వదిలేసినవారూ ఉంటారు. మధుమేహులకు మందు వేళ తప్పకూడదు కనుక క్యూ ఆలస్యమైతే తినడానికి ఏదైనా పొట్లం కట్టి ఇస్తారేమో అడగాలి.

తేదీల్లో ఒక మెలిక ఉంది. ఉత్తరాదిన నెల పౌర్ణమితో ముగుస్తుంది. మన పంచాంగంలో ఇంకా ఆషాఢ బహుళం నడుస్తుండగానే అక్కడ శ్రావణం మొదలవుతుంది. శ్రావణం రాలేదుగా, రద్దీ ఉండదులే అనుకుని వెళ్లిన బృందం కావడి యాత్రికుల మధ్య చిక్కుకుంటుంది. అక్కడి శ్రావణ సోమవారాలను పెద్దలతో వెళ్లేవారు తప్పించుకోవడమే మేలు.

ఈ ప్రశ్నలన్నీ ఒకే వాట్సాప్ సందేశంలో పంపి, జవాబులు రాతలో తెప్పించుకోండి. అడ్వాన్సు ఆ తరవాతే కట్టండి.