దుమ్ము కనిపించాలంటే వెలుగు ఎక్కడుండాలి?

స్పోర్ట్స్ షూ ప్రకటన తీయబోయే ముందు ఫొటోగ్రాఫర్ చేతికి ఒక కాగితం వస్తుంది. ఏ షూ, ఎవరు వేసుకుంటారు, ఎక్కడ తీయాలి, చివరికి బొమ్మ ఎలా ఉండాలి అన్నది అందులో రాసి ఉంటుంది. చాలాసార్లు ఆ కాగితంలో ఉండేవి మూడే మాటలు: డైనమిక్ పోజ్, బ్యాక్ లైట్, ఎగిరే దుమ్ము. చదువుతుంటే గొప్ప దృశ్యమే కళ్ల ముందు కదులుతుంది. దాన్ని పట్టుకుని మైదానంలోకి దిగితే మాత్రం ప్రశ్నలు మొదలవుతాయి. పాదం ఏ క్షణంలో ఉండాలి? వెలుగు ఎంత ఎత్తు నుంచి రావాలి? దుమ్ము వెనకాల ఏముండాలి? వీటికి కాగితంలోనే జవాబు లేకపోతే సాయంత్రమంతా పరుగెత్తించినా చేతికొచ్చేది మసక బొమ్మే.

ముందుగా దుమ్ము సంగతి చెప్పాలి, మిగతా రెండూ దాన్నిబట్టే నిర్ణయమవుతాయి. పగటిపూట గదిలో ఎప్పుడూ దుమ్ము తేలుతూనే ఉంటుంది, మన కంటికి ఆనదు. కిటికీ సందులోంచి ఎండ చార పడి, మనం ఆ కిటికీ వైపు తిరిగి చూసినప్పుడు మాత్రం ఒక్కొక్క రేణువూ మెరుస్తుంది. దీనికి కారణం రేణువు పరిమాణం. కాంతి తరంగం పొడవు మైక్రాన్‌లో సగం దాకా ఉంటే, నేల మీంచి లేచే సన్నని దుమ్ము కొన్ని మైక్రాన్ల నుంచి కొన్ని పదుల మైక్రాన్ల దాకా ఉంటుంది. తనకంటే అంత పెద్ద రేణువుకు తగిలిన కాంతిలో ఎక్కువ భాగం వచ్చిన దారినే కొద్దిగా వంగి ముందుకు సాగిపోతుంది. వెనక్కి తిరిగొచ్చేది చాలా తక్కువ. అంటే వెలుగు కెమెరా పక్కనుంచి వెళ్లి దుమ్మును తాకితే, ఆ కాంతి దుమ్ము అవతలికి పోతుంది, కెమెరాకు దక్కదు. వెలుగు దుమ్ము వెనకనుంచి కెమెరా వైపు వస్తేనే ఆ వంగిన కాంతి లెన్సులోకి చేరుతుంది. బ్యాక్ లైట్, ఎగిరే దుమ్ము అనే మాటలు కాగితంలో ఎప్పుడూ జంటగా ఉండటానికి అసలు కారణం ఇదే.

అయితే వెలుగు వెనకుంటే సరిపోదు, దుమ్ముకు వెనక చీకటి కూడా ఉండాలి. తెల్లటి ఆకాశం ముందు ఎంత దుమ్ము లేపినా అది ఆకాశంలోనే కలిసిపోతుంది. ముదురు రంగు నేపథ్యం మీద చారెడు దుమ్ము చాలు, నిప్పురవ్వల్లా కనిపిస్తుంది. వెలుగు వెనకే ఉండాలి, నేపథ్యం మాత్రం చీకటిగా ఉండాలి. చదవగానే పొసగనట్టుండే ఈ రెండింటినీ కుదర్చడంలోనే పనంతా ఉంది.

ఒక ఉదాహరణను పూర్తిగా చూద్దాం. తెలంగాణ చల్క నేల మీద ఎర్రమట్టి బాట, దాని అవతల చింతతోపు. చెట్లు సుమారు పది మీటర్ల ఎత్తున్నాయనుకుందాం. సూర్యుడు తోపు వెనక్కి దిగుతున్నప్పుడు మన వైపున్న ఆకులన్నీ నీడలో ఉంటాయి, కావలసిన చీకటి అదే ఇస్తుంది. కానీ సూర్యుడు చెట్ల మాటుకు పోతే బాట మీద ఎండే ఉండదు. అస్తమయానికి గంటంపావు ముందు సూర్యుడు దిగంతానికి పదిహేడు డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు పది మీటర్ల చెట్టు నీడ ముప్పై మూడు మీటర్ల దాకా సాగుతుంది. కాబట్టి పరుగు జరిగే చోటు తోపుకు కనీసం నలభై మీటర్ల ఇవతల ఉంటే కాలి మీద, దుమ్ము మీద ఎండ పడుతుంది, వెనక నీడ మిగులుతుంది. ఈ ఏర్పాటు నిలిచేది కొద్ది నిమిషాలే. సూర్యుడు ఇంకాస్త దిగేసరికి నీడ బాటను మింగేస్తుంది. అందుకే సమయం, దూరం, చెట్ల ఎత్తు మూడూ కాగితంలో ఉండాలి.

కెమెరా నేలకు జానెడు ఎత్తులో, పరుగెత్తే అమ్మాయికి ఎనిమిది మీటర్ల దూరంలో, పొడవాటి లెన్సుతో ఉంటుంది. అంత కిందినుంచి చూస్తే షూ పెద్దగా, బరువుగా కనిపిస్తుంది. దగ్గరికి జరిగే కొద్దీ అమ్మాయి తల చెట్ల కొనలు దాటి ఆకాశంలోకి వెళ్లిపోతుంది, అక్కడితో చీకటి నేపథ్యం పోయినట్టే. ఎనిమిది మీటర్ల దూరంలో తల చెట్ల కొనలకు కిందే ఆగుతుంది. సూర్యుడు ఫ్రేముకు పైన, బయట ఉంటాడు. అయినా ఎండ నేరుగా లెన్సు మీద పడితే నలుపు బూడిద రంగుకు తిరిగి బొమ్మంతా పాలిపోతుంది. లెన్సు మీదికి నీడ పడేలా పక్కనుంచి ఒక నల్ల కట్టర్ పట్టుకుంటారు. నీడ పడిందో లేదో కెమెరా తెరలో తెలిసిపోతుంది: నలుపు మళ్లీ నల్లగా మారుతుంది.

వెనక వెలుతురుతో వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. అంచుల చుట్టూ బంగారు గీత వస్తుంది, కెమెరా వైపున్న ముఖం మాత్రం నీడలో ఉండిపోతుంది. అమ్మబోయేది షూ, దాని పక్కభాగమే కనబడకపోతే ఎలా? అందుకే కెమెరా పక్కన నేలకు ఆనించి తెల్లటి థర్మాకోల్ అట్ట పెడతారు, అది ఎండను తిప్పి షూ మీదికి పంపుతుంది. ఇక్కడ ఆశపడకూడదు. ముందు వెలుగు వెనకదానికి సమానమైతే బొమ్మ చదునుగా మారిపోతుంది. అంచు గీత వెలుగులో మూడో వంతో నాలుగో వంతో ముందునుంచి పడితే కుట్లు, లేసులు కనబడతాయి, వెనక వెలుగు పట్టూ పోదు. షూ రంగును కూడా లెక్కలోకి తీసుకోవాలి. నల్ల షూకు అంచు గీతే ప్రాణం. తెల్ల షూ అయితే మెరిసే దుమ్ములో దాని అంచు కలిసిపోతుంది కాబట్టి దుమ్మును మడమకు కిందే, వెనకే ఆపమని రాయాలి.

ఇప్పుడు పోజ్. డైనమిక్ అనే మాట నడుముకు, చేతులకు సంబంధించినదని చాలామంది అనుకుంటారు. షూ ప్రకటనలో అది పాదం ఉన్న క్షణానికి సంబంధించింది. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తేవాళ్లు సెకనుకు 5 మీటర్లు సాగుతారు. గాల్లో ముందుకు ఊగే పాదం దాదాపు రెట్టింపు, అంటే సెకనుకు 10 మీటర్ల వేగంతో కదులుతుంది. షటర్ సెకనులో వెయ్యో వంతు తెరిచినా ఆ పాదం ఒక సెంటీమీటరు జరిగిపోతుంది, లేసులు అలుక్కుపోతాయి. ఎనిమిది వేలో వంతు పెడితే జరిగేది మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. కానీ నేలను తాకి ఉన్న పాదం ఆ క్షణానికి కదలకుండా నిలిచే ఉంటుంది. ముని వేళ్లు నేలను తన్ని విడిచే క్షణంలో అది అప్పుడే కదలడం మొదలుపెడుతుంది. మడమ లేచి అట్ట సగం కనిపిస్తుంది, ఒళ్లు ముందుకు వాలి ఉంటుంది, దుమ్ము అప్పుడే వేళ్ల కిందినుంచి వెనక్కి చిమ్ముతుంది. వేగమంతా కనిపిస్తూనే షూ స్పష్టంగా దొరికే క్షణం అది. నేనైతే కాగితంలో డైనమిక్ అన్న మాటే కొట్టేసి, ‘కుడి ముని వేళ్లు నేలను విడుస్తున్న క్షణం’ అని రాస్తాను.

పాదం ఆ క్షణంలో ఉండి దుమ్ము షూకు ముందువైపు ఎగురుతుంటే చూసేవాళ్లకు ఎక్కడో తేడా కొడుతుంది. కారణం చెప్పలేకపోయినా నమ్మరు. తన్నినప్పుడు దుమ్ము వెనక్కి పోతుంది, పైనుంచి దూకి దిగినప్పుడు చుట్టూ చిమ్ముతుంది. బయటినుంచి దుమ్ము విసిరే సహాయకుడు ఏ వైపు నిలబడాలో దీన్నిబట్టే తేలుతుంది.

పోజ్ ఎంత పెద్ద విషయం కాగలదో చెప్పే ఉదంతం ఒకటి ఉంది. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌కు ముందు లైఫ్ పత్రిక కోసం కో రెంట్‌మీస్టర్ అనే ఫొటోగ్రాఫర్ మైకేల్ జోర్డాన్‌ను నార్త్ కరోలినాలో, గడ్డి గుట్ట మీద, కిందినుంచి తీశాడు. ఎడమచేతిలో బంతి, బాలే నర్తకి గెంతులోలా రెండు కాళ్లూ చాచిన భంగిమ, వెనక తెరిపి ఆకాశం, ఫ్రేము కింది మూలన సూర్యుడు. తరువాత నైకీ అదే తరహా గెంతుతో, షికాగో నగరం వెనక కనిపించేలా మరో ఫొటో తీయించుకుంది. దాని ఛాయే తరువాత జంప్‌మ్యాన్ గుర్తు అయింది. రెంట్‌మీస్టర్ 2015లో దావా వేశాడు. 2018లో అమెరికా అప్పీలు కోర్టు నైకీ పక్షాన తీర్పిచ్చింది. భంగిమ ఒక్కటే ఎవరి సొత్తూ కాదని, కోణం, వెలుగు, నేపథ్యం లాంటి ఎంపికలన్నీ కలిసిన కూర్పుకే రక్షణ ఉంటుందని, రెండు ఫొటోల్లో ఆ ఎంపికలు వేరని కోర్టు భావించింది. వర్ణన రాసేవాళ్లు గట్టిగా పట్టించుకోవలసిందీ ఆ ఎంపికలనే.

దుమ్ము దేంతో లేపాలన్నది ప్రాణాలకు సంబంధించిన విషయం. చల్క నేల ఎండి ఉంటే దాని సొంత మట్టే చాలు, జల్లించి పాదం పడే చోట పలుచగా పరుస్తారు. రేగడి నేలలో మట్టి పెళ్లలు కడుతుంది కాబట్టి బయటినుంచి తేవాలి. అలాంటప్పుడు సాధారణంగా వాడేది ముల్తానీ మట్టి. జల్లించిన సన్నని పొడి గాల్లో తేలుతూ మెరిసే తెరలా నిలుస్తుంది, దానికి కలిపిన కాస్త ముతక ఇసుక చుక్కల్లా చిమ్ముతుంది. రెండూ ఉంటేనే దుమ్ముకు లోతు వస్తుంది. సన్నదే వాడితే పొగమంచులా ఉంటుంది.

మొక్కజొన్న పిండి, మైదా, రంగు పిండి మాత్రం గాల్లో చిమ్మకూడదు. 2015 జూన్ 27న తైవాన్‌లోని ఒక వాటర్ పార్కులో మొక్కజొన్న పిండితో చేసిన రంగు పొడి జనం మధ్య చల్లుతుండగా అంటుకుని 15 మంది చనిపోయారు, దాదాపు 500 మంది కాలిన గాయాలపాలయ్యారు. గాల్లో తేలే పిండి రేణువు చుట్టూ ఆక్సిజన్ ఉంటుంది, ఒకటి అంటుకుంటే పక్కది అంటుకుంటుంది. లైట్లు వేడెక్కే స్టూడియోలో ఆ ప్రమాదం ఇంకా దగ్గరలో ఉంటుంది. ముల్తానీ మట్టి ఖనిజం, అది మండదు. అయినా ఊపిరితిత్తులకు మంచిది కాదు. దుమ్ము విసిరేవాళ్లకు ముక్కుకు గుడ్డ కాకుండా సరైన మాస్కు, కళ్లద్దాలు ఉండాలి. పరుగెత్తే అమ్మాయి ముఖానికి ఇవేవీ పెట్టలేం కాబట్టి గాలి ఆమె వైపునుంచి అవతలికి వీస్తున్నప్పుడే తీయాలి. ఆస్తమా ఉందా అని ముందే అడగాలి.

ఒక్కో టేకు తరువాత తెర కిందికి దిగేదాకా ఆగాలి, లేకపోతే పాత దుమ్ములో కొత్త దుమ్ము కలిసి బొమ్మ మురికిగా వస్తుంది. రెండు మూడు పరుగులకే షూ రంగు మారుతుంది. అందుకని ఒకే కొలత షూ కొన్ని జతలు, మెత్తటి బ్రష్షు, తడిగుడ్డ సిద్ధంగా ఉంచమని కాగితంలో ఉండాలి. ఇంకొక వాక్యం కూడా చేర్చాలి: కెమెరాను స్టాండు మీదినుంచి కదపకుండా, అదే వెలుగులో, దుమ్ము లేకుండా, శుభ్రమైన షూతో అదే పోజ్ ఒకటి తీసిపెట్టాలి. దుమ్ము లోగోను కప్పేసిన మంచి ఫ్రేము దొరికితే, కప్పిన ఆ కాస్త చోటునూ ఎడిటింగ్‌లో ఈ ఫ్రేములోంచే తెస్తారు. సూర్యుడు తోపు వెనక్కి వెళ్లకముందే అది తీసేయాలి.