ఏ తేదీ ఏ వారం?

పిల్లలూ! మన దేశానికి స్వాతంత్ర్యం 1947 ఆగస్టు 15న వచ్చిందని మీకందరికీ తెలుసు. అయితే ఆ రోజు ఏ వారమో చెప్పగలరా? "అప్పటి క్యాలెండరు మా ఇంట్లో లేదే!" అంటారేమో. క్యాలెండరు అక్కరలేదు. కాగితం, పెన్సిలు కూడా అక్కరలేదు. మనసులో చిన్న లెక్క వేసి చెప్పే ఉపాయం ఒకటి ఉన్నది.

"ఆలిస్" కథలు రాసిన లూయిస్ కారల్ గణితం కూడా బాగా తెలిసినవాడు. ఆయన 1887లో ఇలాంటి ఉపాయం ఒకటి ప్రకటించి, దానితో వారం చెప్పటానికి తనకు సుమారు 20 సెకన్లు పడుతుందని రాశాడు. దానిని చూసి, 1973లో జాన్ కాన్వే అనే ఇంగ్లీషు గణిత శాస్త్రజ్ఞుడు ఇంకా సులువైన పద్ధతి కనిపెట్టాడు. దానికి ఆయన వేళాకోళంగా "డూమ్స్‌డే", అంటే ప్రళయదినం, అని పేరు పెట్టాడు. ఆ పేరు చూసి భయపడకండి. మనం దానిని "గుర్తువారం" అనుకుందాం.

ముందు ఒక తమాషా చూడండి. ఏ సంవత్సరంలోనైనా సరే, నాలుగో నెల 4, ఆరో నెల 6, ఎనిమిదో నెల 8, పదో నెల 10, పన్నెండో నెల 12, ఈ అయిదు తేదీలూ ఒకే వారంనాడు వస్తాయి. కావాలంటే ఈ ఏటి క్యాలెండరు తీసి చూడండి.

ఇలా ఎందుకు జరుగుతుంది? ఏప్రిల్ 4 తరువాత ఆ నెలలో 26 రోజులు మిగులుతాయి. మే నెలలో 31. జూన్‌లో 6. మొత్తం 63 రోజులు. 63 అంటే సరిగ్గా తొమ్మిది వారాలు! అందుకని ఏప్రిల్ 4 సోమవారమైతే జూన్ 6 కూడా సోమవారమే అయి తీరాలి. తక్కిన జంటల మధ్య కూడా మీరు లెక్కపెట్టి చూడండి. ప్రతిసారీ 63 రోజులే వస్తాయి.

ఆ వారమే ఆ సంవత్సరానికి గుర్తువారం. ఇక మిగిలిన నెలల సంగతి. 5ను 9తోనూ, 7ను 11తోనూ జత చెయ్యండి. మే 9, సెప్టెంబరు 5; జూలై 11, నవంబరు 7. ఇవి కూడా గుర్తువారంనాడే వస్తాయి. సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవం గనక దానిని మరిచిపోవటమంటూ ఉండదు. మార్చికి 7వ తేదీ. ఫిబ్రవరికి ఆఖరు తేదీ, అది 28 అయినా సరే, 29 అయినా సరే. జనవరికి మామూలు ఏడాదిలో 3, లీపు సంవత్సరంలో 4.

ఇంతకీ ఫలానా సంవత్సరానికి గుర్తువారం ఏదో ఎలా తెలుస్తుంది? దీనికి రెండే రెండు ముక్కలు కంఠతా పట్టాలి: 1900కు గుర్తువారం బుధవారం, 2000కు మంగళవారం. అక్కడినుంచి ముందుకు నడవాలి.

మామూలు ఏడాదికి 365 రోజులు. అంటే 52 వారాలూ, మీద ఒక రోజు. కనక ఏడాదికొకసారి గుర్తువారం ఒక రోజు ముందుకు జరుగుతుంది. లీపు సంవత్సరం వస్తే రెండు రోజులు జరుగుతుంది. పన్నెండేళ్ళలో 12 రోజులూ, మూడు లీపు సంవత్సరాలకు మరో మూడూ, వెరసి 15 రోజులు. అందులో 14 రెండు నిండు వారాలు గనక వాటిని వదిలేస్తే మిగిలేది ఒక్కటే. అంటే పన్నెండేళ్ళకు ఒక్క రోజు జరిగినట్టు! కాన్వే పద్ధతిలో కిటుకంతా ఇదే.

ఇప్పుడు 1947 తీసుకుందాం. 47లో పన్నెండ్లు ఎన్ని? మూడు. మిగిలింది 11. ఆ పదకొండులో నాలుగులు ఎన్ని? రెండు. మూడూ, పదకొండూ, రెండూ కలిపితే 16. ఏడేసి చొప్పున తీసేస్తే మిగిలేది 2. బుధవారం నుంచి రెండు రోజులు ముందుకు వెళితే శుక్రవారం. అదే 1947కు గుర్తువారం. కనక ఆగస్టు 8 శుక్రవారం. దానికి ఏడు కలిపితే 15. స్వాతంత్ర్యం వచ్చింది శుక్రవారం నాడు!

ఈ లెక్కలో చాలామంది కాలు జారేది జనవరిలోనూ, ఫిబ్రవరిలోనూ. గాంధీగారు మరణించిన 1948 జనవరి 30 చూడండి. 48లో నాలుగు పన్నెండ్లు, మిగిలింది సున్న. బుధవారం నుంచి నాలుగు రోజులు వెళితే ఆదివారం. 1948 లీపు సంవత్సరం గనక జనవరి 4 ఆదివారం. వారం చొప్పున వెళితే 11, 18, 25 కూడా ఆదివారాలు. అక్కడినుంచి అయిదు రోజులకు 30, అంటే శుక్రవారం. లీపు సంగతి మరిచి జనవరి 3 నుంచి లెక్కపెట్టేవారికి శనివారం వస్తుంది. కనక ఈ రెండు నెలల తేదీ ఎవరైనా అడిగితే, నోరు విప్పేముందు సంవత్సరాన్ని నాలుగుతో భాగించి చూసుకోండి. శేషం లేకపోతే అది లీపు సంవత్సరం. ఒక్క 1900 మాత్రం, నాలుగుతో భాగించబడినా, లీపు సంవత్సరం కాదు. 2000 అయింది.

మరొక చిక్కు ఉన్నది. మీరు లెక్క సరిగ్గా వేసి, "అమ్మమ్మా, నువ్వు పుట్టింది మంగళవారం" అంటారు. ఆమె, "కాదురా, సోమవారం. జాతకంలో రాసి ఉంది" అంటుంది. అప్పుడు మీ లెక్క తప్పనీ అనుకోవద్దు, అమ్మమ్మ మరిచిపోయిందనీ అనుకోవద్దు. ఆమె ఏ వేళకు పుట్టిందో అడగండి. ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రి మారుతుంది. మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది. తెల్లవారుజామున మూడు గంటలకు పుట్టినవారికి క్యాలెండరు ప్రకారం మంగళవారమైతే, పంచాంగం ప్రకారం ఇంకా సోమవారమే. అప్పుడు ఇద్దరి మాటా నిజమే! పగటిపూట పుట్టినా వారం కలవకపోతే మాత్రం, తేదీ రాసుకోవటంలోనో, మీ కూడికలోనో పొరపాటు ఉన్నదన్నమాట.

ఈ పద్ధతి ఇంగ్లీషు తేదీలకే. ఫలానా ఏడు ఉగాది ఏనాడు వచ్చిందని అడిగితే ఇది చెప్పలేదు. తిథులు చంద్రుణ్ణి అనుసరించి నడుస్తాయి, వాటి లెక్క వేరు.

ఇక మీరు చెయ్యండి. ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న ఏర్పడింది. తెలంగాణ 2014 జూన్ 2న ఏర్పడింది. ఏ ఏ వారాలు? మొదటిదానికి బుధవారం నుంచీ, రెండోదానికి మంగళవారం నుంచీ బయలుదేరాలి సుమా! లెక్క పూర్తి అయినాకనే కింద చూడండి.

(జవాబులు: గురువారం, సోమవారం.)