సుడి నడుమ గాలి లేకున్నా పీడనం ఎందుకు పడిపోతుంది?

2003 జూన్ 24న అమెరికాలోని దక్షిణ డకోటాలో, మాంచెస్టర్ అనే పల్లె దగ్గర టిమ్ సమరాస్ తన పరికరాన్ని టోర్నడో వచ్చే దారిలో నేలమీద పెట్టి తప్పుకున్నాడు. టోర్నడో దాన్ని దాటిపోయేసరికి పీడనం సుమారు 100 హెక్టోపాస్కల్స్ పడిపోయినట్టు నమోదైంది. అంటే మామూలు వాతావరణ పీడనంలో దాదాపు పదో వంతు.

అంత పీడనం ఎలా పోయిందో చెప్పే అతి సులువైన నమూనా స్కాట్లాండ్ ఇంజనీరు ర్యాంకిన్ పేరు మీద ఉంది. సుడిని ఆయన రెండు భాగాలు చేశాడు. నడిమి భాగం తిరగలి రాయిలా మొత్తం ఒక్కటిగా తిరుగుతుంది. కేంద్రంలో వేగం సున్నా, అంచుకు వెళ్లేకొద్దీ పెరుగుతుంది. ఆ అంచు దాటాక దూరం రెట్టింపైతే వేగం సగమవుతుంది. బయటి సూత్రాన్నే కేంద్రం దాకా లాక్కొస్తే అక్కడ వేగం అనంతమైపోతుంది. నిజమైన గాలిలో జిగట అలా కానివ్వదు. అందుకే నడిమి భాగానికి వేరే సూత్రం కావలసి వచ్చింది.

ఇక పీడనం. గాలి గుండ్రంగా తిరగాలంటే దాన్ని ఎప్పుడూ లోపలికి నెట్టే బలం ఉండాలి. బయట పీడనం ఎక్కువగా, లోపల తక్కువగా ఉండటమే ఆ బలం. కాబట్టి కేంద్రం వైపు వెళ్లేకొద్దీ పీడనం తగ్గుతూనే ఉంటుంది. లెక్క కడితే మొత్తం తగ్గుదల, గాలి సాంద్రతను గరిష్ఠ వేగం వర్గంతో గుణిస్తే వచ్చేంత. అందులో సరిగ్గా సగం బయటి భాగంలో, మిగతా సగం నడిమి భాగంలో.

వేగం ఎక్కువున్న చోట పీడనం తక్కువని బడిలో నేర్చుకున్నాం. బయటి భాగంలో అది నిజమే. నడిమి భాగంలో మాత్రం ఆ సూత్రం చెల్లదు. అక్కడ కేంద్రానికి దగ్గరయ్యేకొద్దీ వేగమూ పీడనమూ రెండూ తగ్గుతాయి. గాలి కదలని చోటే పీడనం అట్టడుగున ఉంటుంది.

మాంచెస్టర్ అంకెను ఇందులో పెట్టి చూద్దాం. ఘనమీటరు గాలి బరువు 1.1 కిలోలు అనుకుంటే, 100 హెక్టోపాస్కల్స్ తగ్గడానికి గరిష్ఠ వేగం సెకనుకు 95 మీటర్లు, అంటే గంటకు సుమారు 340 కిలోమీటర్లు ఉండాలి. ఆ టోర్నడోకు ఇచ్చిన ఎఫ్4 స్థాయికి ఇది సరిపోతుంది. నడిమి భాగం అంచున తగ్గుదల 50. అదే పరికరం అంతకు రెట్టింపు దూరంలో ఉండి ఉంటే పన్నెండున్నరే చూపేది. సుడి దాదాపు మీదికి వచ్చేదాకా పెద్ద మార్పు కనిపించకపోవడానికి కారణం ఇదే.

ఈ లెక్కను ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. నమూనాలో వేగం అంచు దగ్గర మొనదేలిన శిఖరంలా ఉంటుంది. రాడార్ కొలతల్లో ఆ మొన గుండ్రబడి కనిపిస్తుంది. పైగా చాలా టోర్నడోల్లో బయటి గాలి ర్యాంకిన్ చెప్పినంత త్వరగా తగ్గదు. అలాంటప్పుడు అదే గరిష్ఠ వేగానికి పీడనం ఇంకా ఎక్కువే పడిపోతుంది. నేల రాపిడి, నిట్టనిలువుగా పైకి లేచే గాలి ఈ లెక్కలో అసలు లేవు.