పుస్తకం మూసి రాయండి

వ్యాసం రాసే విద్యార్థుల్లో చాలామంది దొంగతనం చేద్దామని కూర్చోరు. నాలుగు పుస్తకాలు తిరగేస్తారు, నచ్చిన వాక్యాలను నోట్సులోకి ఎక్కిస్తారు, ఆ తర్వాత వాటిలో అక్కడక్కడా మాటలు మార్చి ‘సొంత మాటల్లో’ రాశామనుకుంటారు. తప్పు జరిగేది సరిగ్గా అక్కడే. అమెరికన్ అధ్యాపకురాలు రెబెకా మూర్ హోవర్డ్ 1990లలో దీనికి ప్యాచ్‌రైటింగ్ అని పేరు పెట్టారు. పాత గుడ్డకు కొత్త అతుకులు వేసినట్టన్నమాట.

ఒక ఉదాహరణ చూద్దాం. ఏదో పుస్తకంలో ఈ మాటలు ఉన్నాయనుకోండి (ఇవి ఉదాహరణ కోసం నేను అల్లినవే): “1830ల కరువులో గోదావరి జిల్లా ప్రజలు వేల సంఖ్యలో చనిపోయారు. నది నిండుగా పారుతున్నా ఆ నీటిని పొలాలకు మళ్లించే ఏర్పాటు లేకపోవడమే అందుకు కారణం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా రూపమే మారిపోయింది.”

విద్యార్థి ఇలా రాస్తాడు: “1830 దశకపు క్షామంలో గోదావరి జిల్లా జనం వేలాదిగా మరణించారు. నది నిండుగా ప్రవహిస్తున్నా ఆ జలాన్ని చేలకు తరలించే వ్యవస్థ లేకపోవడమే దానికి హేతువు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట ముగిశాక డెల్టా స్వరూపమే మారింది.”

కరువు క్షామమైంది, నీరు జలమైంది, కారణం హేతువైంది. ఒక్కో మాటకు నాలుగు పర్యాయపదాలుండే తెలుగులో ఈ పని మరీ సులువు. కానీ వాక్యాల వరుస మారలేదు, ఆలోచన నడక మారలేదు. పైగా ‘ఆనకట్ట ముగిశాక’ అనేది తెలుగే కాదు. మాటకు మాట మార్చబోతే ఇలాంటివి దొర్లుతాయి, దిద్దే మాస్టారికి అనుమానం వచ్చేదీ ఇలాంటి చోటే. ఇలా రాసి కింద పుస్తకం పేరు వేసినా సరిపోదు. విషయం ఎక్కడిదో చెప్పారు కానీ, వాక్యాలు కూడా ఆ రచయితవేనని చెప్పలేదు కదా.

మరి ఎలా రాయాలి? పుస్తకం మూసేసి, ఇందులో రచయిత అసలు ఏమంటున్నాడని అడగాలి. పైమాటల్లో 1852 అనే తేదీ అందరికీ తెలిసినదే, దానికి ఎవరి పేరూ చెప్పక్కర్లేదు. నది నిండుగా ఉన్నా ఏర్పాటు లేకనే జనం చనిపోయారన్నది మాత్రం ఆ రచయిత తీర్పు. అప్పు చెప్పాల్సింది దానికే. మన వ్యాసం నీటిపారుదల గురించి అయితే ఇలా వస్తుంది: “ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టకముందు గోదావరి జిల్లాను కుదిపిన కరువును నీటి కొరతగా చూడకూడదంటారు ఫలానా రచయిత. చేతికందే దూరంలో ఉన్న నీటిని వాడుకోలేకపోవడమే అసలు లోపమని ఆయన వాదన.” చివర పేజీ నంబరు. రచయిత పేరు మొదట్లోనే వచ్చింది, పేజీ నంబరు చివర వచ్చింది. అరువు సొత్తు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చదివేవాళ్లకు తెలిసిపోతుంది. పేరా చివర ఒక్క నంబరు పెట్టి ఊరుకుంటే ఆ హద్దు కనిపించదు. రాశాక పుస్తకం తెరిచి పోల్చుకోవాలి: అర్థం తప్పిందా, పదబంధాలు తెలియకుండా దూరాయా? ఏదైనా మాటను మార్చబుద్ధి కాకపోతే కొటేషన్ గుర్తుల్లో యథాతథంగా ఉంచేయడమే మర్యాద.

నిజానికి పొరపాటు రాతలో కంటే నోట్సులోనే పుడుతుంది. గుర్తుల్లేకుండా ఎక్కించుకున్న వాక్యం నెల తర్వాత మన సొంతంలాగే కనిపిస్తుంది. ఎత్తి రాసిన వాక్యానికి అప్పటికప్పుడే కొటేషన్ గుర్తులు, పేజీ నంబరు వేసుకుంటే ఈ గొడవ ఉండదు.

మన దగ్గర ఇంకో భ్రమ ఉంది. ఇంగ్లిషు పుస్తకంలోని పేరాను తెలుగులోకి దించితే అది సొంతమైపోతుందని. భాష మారింది, అంతే. వాదన, వరుస అవతలివాళ్లవే. పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్లు దీన్ని తరచూ పట్టుకోలేవు, ఆ పుస్తకం చదివిన మనిషి మాత్రం ఇట్టే పట్టేస్తాడు.

ఆ సాఫ్ట్‌వేర్ శాతాల మీద మోజు కూడా తగ్గాలి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పరిశోధన గ్రంథాల్లో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 శాతం లోపు ఉంటే గడువులోగా సవరించి మళ్లీ ఇవ్వాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. దీన్ని చూసి 10 శాతం దాకా ఎత్తి రాసుకోవచ్చనుకుంటారు కొందరు. యంత్రం లెక్కపెట్టేది కలిసిన మాటల్నే. పర్యాయపదాలతో నింపిన పై పేరాకు తక్కువ శాతమే రావచ్చు, అయినా అది అరువు రాతే. కొటేషన్ గుర్తుల్లో పెట్టి ఆధారం చెప్పిన మాటలను ఆ నిబంధనలే లెక్కలోంచి మినహాయించాయి కాబట్టి, నిజాయితీగా ఉటంకించడానికి జంకనక్కర్లేదు.